శనివారం మూడు డౌట్లు, ఆదివారం ఒక మెయిల్ – నా అనుభవం

పిడుగురాళ్లలో నాలుగేళ్లు ట్యూషన్ చెప్పాను. మా ఆయనకు బదిలీ అయి గుంటూరు వచ్చేశాం. వచ్చేటప్పుడు పిల్లలందరినీ వేరే వాళ్లకు అప్పజెప్పాను కానీ ఒక పాప మాత్రం "మేడమ్, నాకు డౌట్లు మీరే చెప్పాలి" అని పట్టుబట్టింది. పదో తరగతి. వాళ్ల నాన్న సున్నం బట్టీలో పని చేస్తాడు, ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అదీ పొద్దున ఆయనతో పాటే బట్టీకి వెళ్లిపోతుంది. పాప చేతికి ఫోన్ వచ్చేది శనివారం రాత్రి, మళ్లీ ఆదివారం.

మొదట వాట్సాప్‌లోనే నడిపాం, కుదరలేదు. రాత్రి పదింటికి వాయిస్ మెసేజ్ వస్తుంది, నేను ఇంకో వాయిస్ పెడతాను, ఫోన్‌లో స్పేస్ లేదని వాళ్ల నాన్న అన్నీ డిలీట్ చేస్తాడు, పరీక్ష ముందు చూసుకుందామంటే ఒక్కటీ ఉండదు. అందుకని పాప పేరు మీద మెయిల్ తెరిపించి ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం రాత్రి తను డౌట్లు పంపాలి, ఎక్కువలో ఎక్కువ మూడు. ఆదివారం మధ్యాహ్నంలోపు నేను ఒకే మెయిల్‌లో మూడింటికీ జవాబు రాస్తాను. నెట్ సెంటర్‌లో ప్రింట్ తీసుకుని నోట్‌బుక్‌లో అంటించుకుంటుంది.

మొదటి ఐదారు వారాలు నేను రాసిన మెయిళ్లు ఇప్పుడు తీసి చూస్తే, అవి డౌట్‌కి జవాబులు కావు, పాఠాలు. వర్గ సమీకరణంలో ఒక చిన్న లెక్క అడిగితే చాప్టర్ మొత్తం రాసి పంపేదాన్ని. "అర్థమైంది మేడమ్, థాంక్యూ" అని రిప్లై వచ్చేది, స్కూల్ పరీక్షలో సరిగ్గా అదే తప్పు మళ్లీ చేసేది. అప్పుడు ఒక మార్పు చేశాను. డౌట్ మాటల్లో రాస్తే చాలదు, తను చేసిన రఫ్ వర్క్ కొట్టివేతలతో సహా ఫోటో తీసి పంపాలి అన్నాను. ఫెయిర్ చేసి పంపితే జవాబు రాయనని కూడా చెప్పాను. అక్కడి నుంచి పని నిజంగా మొదలైంది. ఒక వారం మెయిల్ ఎలా తయారైందో పూర్తిగా చెప్తాను.

ఆ శనివారం వచ్చిన మొదటి డౌట్ ఇది: "(x - 3)(x + 2) = 4(x - 3). నాకు x = 2 వచ్చింది. బుక్ వెనక 2, 3 అని ఉంది. 3 ఎక్కడి నుంచి వచ్చింది మేడమ్?"

మాటల్లో ఇంతే ఉంటే నేను ఏం రాసేదాన్నో నాకు తెలుసు. రెండు వైపులా గుణించి విప్పు, x^2 - x - 6 = 4x - 12, అన్నీ ఒక వైపుకు తెస్తే x^2 - 5x + 6 = 0, కారణాంకాలు (x - 2)(x - 3), కాబట్టి 2, 3. తప్పేమీ లేదు, పూర్తి మార్కులు వస్తాయి. కానీ ఆ పాప అడిగింది అది కాదు. తన లెక్కలో 3 ఎక్కడ పోయింది అని అడుగుతోంది. ఫోటో చూస్తే సంగతి అక్కడే కనిపించింది. రెండు వైపులా ఉన్న (x - 3) మీద ఏటవాలుగా రెండు గీతలు, ఆరో తరగతి నుంచి భిన్నాల్లో కొట్టేసినట్టే, కింద x + 2 = 4, x = 2. పెన్నుతో గట్టిగా నొక్కి మరీ కొట్టింది, అనుమానమే లేదు.

అందుకని మెయిల్‌లో ఇలా రాశాను:

"అమ్మా, నీ లెక్కలో 3 పోయింది నువ్వు గీత కొట్టిన చోటే. నమ్మకపోతే గీత కొట్టకముందు ఉన్న లైన్‌లో x బదులు 3 పెట్టి చూడు. ఎడమ వైపు 0 × 5, కుడి వైపు 4 × 0. రెండూ సున్నాయే, అంటే 3 సరైన జవాబే. ఇప్పుడు అదే లైన్‌లో నువ్వు చేసినట్టు రెండు వైపులా ఆ సున్నాలు కొట్టెయ్. ఏం మిగిలింది? 5 = 4. నువ్వు కొట్టేసింది సున్నాని. కొట్టేయడం అంటే భాగించడం, సున్నాతో భాగించకూడదని నీకు తెలుసు, కానీ ఇక్కడ సున్నా x - 3 అనే వేషంలో ఉంది కాబట్టి నువ్వు గుర్తుపట్టలేదు. భిన్నాల్లో 6/9 లో 3 కొట్టేసినప్పుడు ఈ గొడవ లేదు, 3 ఎప్పటికీ సున్నా కాదు. x ఉన్న ముక్కను కొట్టేయబోయే ముందు ఇది సున్నా అయ్యే వీలుందా అని ఒకసారి అడుగు. వీలుంటే కొట్టకు, ఒక వైపుకు తెచ్చుకో: (x - 3)(x + 2 - 4) = 0. ఇప్పుడు రెండు ముక్కలూ కళ్ల ముందే ఉన్నాయి."

దీని కింద చేసి పంపమని రెండు లెక్కలు ఇచ్చాను. ఒకటి x^2 = 5x, ఇది ఇప్పుడు చెప్పిన దానికి సరిగ్గా అతికేది. రెండోది (x - 2)(x - 3) = 6, ఇది కావాలనే ఇచ్చాను, ఎందుకంటే "రెండు ముక్కలూ వేరు చెయ్" అని నేర్పగానే పిల్లలు దాన్ని అన్నిచోట్లా వాడతారు. అనుకున్నట్టే మొదటిది సరిగ్గా చేసి 0, 5 అని రాసింది, రెండోదానికి x - 2 = 6, x - 3 = 6, కాబట్టి 8, 9 అని పంపింది. దానికి నేను సూత్రం ఏమీ చెప్పలేదు, "8 పెట్టి చూడు" అని ఒక్క లైన్ రాశాను. 6 × 5 = 30 అని తనకే వచ్చింది. అరగంటలో ఇంకో ఫోటో పంపింది, గుణించి విప్పి x^2 - 5x = 0 దాకా తెచ్చి 0, 5 అని. కింద చిన్న అక్షరాలతో "సున్నా అయితేనే విడగొట్టాలి" అని తనే రాసుకుంది. రెండు ముక్కల లబ్ధం సున్నా అయితే ఏదో ఒకటి సున్నా కావాల్సిందే, ఆరు అయితే అలా ఏమీ లేదు. అది నేను చెప్పి ఉంటే మళ్లీ "అర్థమైంది మేడమ్" దగ్గరే ఆగిపోయేది.

రెండో డౌట్ తెలుగు వ్యాకరణం. ఇది కొంచెం కోపంగా రాసింది. "తల్లిదండ్రులు – సరళాదేశ సంధి అని రాస్తే తప్పు వేశారు. తల్లి + తండ్రి, త పోయి ద వచ్చింది. ద సరళమే కదా మేడమ్? మరి ఎందుకు తప్పు?"

నాకు చాలా నచ్చిన డౌట్ ఇది. పాప తర్కంలో లోపం లేదు. పరుషాలు క చ ట త ప, సరళాలు గ జ డ ద బ, త స్థానంలో ద వచ్చింది, ద సరళం, కాబట్టి సరళాదేశం. టీచర్ తప్పు వేసి పక్కన "గసడదవాదేశం" అని రాసి వదిలేశారంట. ఎందుకో చెప్పకపోతే పిల్లలు ఈ మాటల లిస్టు బట్టీ పట్టడం తప్ప ఇంకేం చేస్తారు? నేను ఇలా రాశాను:

"మూడు వరుసలు ఒకదాని కింద ఒకటి రాసుకో.

క చ ట త ప
గ జ డ ద బ
గ స డ ద వ

మొదటిది పరుషాలు. రెండోది సరళాదేశంలో వచ్చేవి. మూడోది గసడదవాదేశంలో వచ్చేవి. రెండో వరుస, మూడో వరుస పక్కపక్కన పెట్టి చూడు, గ, డ, ద రెండింట్లోనూ ఒకటే. తేడా ఉన్నది రెండు చోట్లే. చ అయితే అక్కడ జ, ఇక్కడ స. ప అయితే అక్కడ బ, ఇక్కడ వ. అంటే 'ద వచ్చింది' అన్న ఒక్క సంగతి చూసి ఇది ఏ సంధో ఎవరూ చెప్పలేరు, నీ టీచర్ కూడా చెప్పలేరు. వచ్చిన అక్షరాన్ని కాదు, ముందున్న మాటను చూడాలి."

ఇక్కడిదాకా సులువుగానే రాశాను. ముందున్న మాటలో ఏం చూడాలన్నది చెప్పేచోట నాలుగుసార్లు రాసి నాలుగుసార్లు చెరిపాను. పుస్తకంలో "ద్రుతప్రకృతికము మీది పరుషములకు సరళములగు" అని ఉంటుంది. ద్రుతప్రకృతికం అంటే ద్రుతం చివర ఉన్న మాట, ద్రుతం అంటే న కారం. చదివే పిల్లకు ఇది ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాట అర్థంగా చెప్పినట్టు ఉంటుంది. చివరికి ఇలా రాశాను:

"పూచెను + కలువలు = పూచెంగలువలు. ఇందులో పూచెను అనే మాట చివర ను ఉంది. ఆ ను తీసేసి పూచె అన్నా మాట మాటలాగే నిలబడుతుంది, అర్థం మారదు. అలా వచ్చిపోయే ను ఉన్న మాటల తర్వాత పరుషం వస్తే సరళాదేశం. ఇప్పుడు తల్లి చూడు. తల్లి చివర ను ఉందా? ఎప్పుడైనా తల్లిను అన్నామా? లేదు. కాబట్టి సరళాదేశానికి అక్కడ అవకాశమే లేదు. తల్లి, తండ్రి ఇద్దరినీ కలిపి ఒక జంటగా చెప్తున్నాం, అది ద్వంద్వ సమాసం. ద్వంద్వంలో రెండో మాట పరుషంతో మొదలైతే గసడదవలు వస్తాయి. నీకు అనుమానం ఉంటే చ తో గానీ ప తో గానీ మొదలయ్యే జంటలు తీసుకో, అవి దాచవు. కాలు + చేయి కాలుసేతులు అయింది, కాలుజేతులు కాలేదు. ఊరు + పల్లె ఊరువల్లెలు అయింది, ఊరుబల్లెలు కాలేదు. తల్లిదండ్రులు, అన్నదమ్ములు, కూరగాయలు ఇదే కుటుంబం, కాకపోతే వాటిలో వచ్చిన అక్షరం రెండు వరుసల్లోనూ ఉంది కాబట్టి మోసం చేస్తాయి."

ఒక హెచ్చరిక కూడా పెట్టాను. చివర ను కనిపించిన ప్రతి మాటా అలాంటిది కాదు. చేను అన్న మాటలో ను తీసేస్తే చే మిగులుతుంది, పొలం పోతుంది. ఆ ను మాటలో భాగం. అందుకే తీసేసి చూడమన్నది. ఇది పదో తరగతి పరీక్షకు సరిపోయే గుర్తు మాత్రమే, పై చదువులో తెలుగు తీసుకుంటే ఇంకా లోతుగా చెప్తారని కూడా రాశాను. గసడదవలు ద్వంద్వంలోనే కాక వాడు + కొట్టె = వాడుగొట్టె, వారు + పోరు = వారువోరు లాంటి చోట్ల కూడా వస్తాయని ఒక వాక్యంలో చెప్పి వదిలేశాను. పాప అడిగింది తల్లిదండ్రుల గురించి, మొత్తం సంధి ప్రకరణం గురించి కాదు.

ఈ జవాబు ప్రింట్ తీసుకెళ్లి వాళ్ల తెలుగు టీచర్‌కి చూపించిందట. ఆవిడ ఆ మూడు వరుసలు బోర్డు మీద రాయించారని చెప్పింది. నాకు చాలా సంతోషమేసింది.

మూడో డౌట్ దగ్గర నేను ఇరుక్కుపోయాను. రసాయన శాస్త్రంలో సున్నపుతేట పాఠం. కార్బన్ డయాక్సైడ్ పంపితే సున్నపుతేట పాలలా తెల్లబడుతుంది, ఇంకా పంపుతూ పోతే ఆ తెల్లదనం పోయి మళ్లీ తేటగా అవుతుంది. పుస్తకంలో రెండు సమీకరణాలు ఉంటాయి:

Ca(OH)2 + CO2 → CaCO3 + H2O
CaCO3 + H2O + CO2 → Ca(HCO3)2

మొదటిదాంట్లో వచ్చే కాల్షియం కార్బొనేట్ నీళ్లలో కరగదు, అదే తెలుపు. రెండోదాంట్లో వచ్చే బైకార్బొనేట్ కరిగిపోతుంది, అందుకే తేట. పాప డౌట్ లైన్ ఇలా ఉంది: "తెల్లదనం ఎందుకు పోతుంది మేడమ్?" నేను ఈ రెండు లైన్లూ రాసేసి, బైకార్బొనేట్ కరుగుతుంది కాబట్టి పోతుంది అని ముగించి, మెయిల్ పంపబోతూ ఫోటో తెరిచాను. ఫోటోలో రఫ్ వర్క్ లేదు. స్టీల్ గ్లాసులో తెల్లటి నీళ్లు, పక్కన కొబ్బరిబొండం స్ట్రా. కింద రాసింది: "15 నిమిషాలు ఊదాను. తలనొప్పి వచ్చింది. పోలేదు."

అంటే తన డౌట్ తెల్లదనం ఎందుకు పోతుంది అని కాదు. పుస్తకం పోతుందంటోంది, నా గ్లాసులో ఎందుకు పోలేదు అని. సున్నం ఊళ్లో ఉంటూ, బట్టీ నుంచి నాన్న తెచ్చిన సున్నంతో చేసి చూసుకున్న పిల్లకు నేను పుస్తకంలోని సమీకరణాన్నే తిప్పి పంపబోయాను. ఆ భాగం చెరిపేసి, "కెమిస్ట్రీకి జవాబు రెండు రోజులు ఆగి పంపుతాను, నేను కూడా చేసి చూడాలి. నువ్వు అంతసేపు ఒకే ఊపున ఊదకు" అని మాత్రం రాసి మిగతా రెండింటితో మెయిల్ పంపాను.

ఆ సాయంత్రం లీటరు సీసాలో అర చెంచా తడి సున్నం వేసి బాగా కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచాను. పొద్దున్నకి సున్నమంతా అడుగుకు చేరి పైన నీళ్లు అద్దంలా తేరుకున్నాయి. కదలకుండా పైది మాత్రం వంచుకున్నాను. గాజు గ్లాసులో సగం పోసి స్ట్రాతో ఊదితే అర నిమిషంలో తెల్లబడింది. తర్వాత మధ్యమధ్య ఆగుతూ పది నిమిషాలు ఊదాను. దవడలు లాగాయి కానీ తెల్లదనం ఇసుమంత కూడా తగ్గలేదు. పాప చేసిన దాంట్లో తప్పు లేదని అప్పుడు ఖాయమైంది.

కారణం కాసేపు కూర్చుని లెక్క చూస్తే దొరికింది. బాగా తేరుకున్న సున్నపుతేట లీటరులో సుమారు గ్రామున్నర దాకా సున్నం కరిగి ఉంటుంది. ఊదగానే అదంతా తెల్లటి కార్బొనేట్ అవుతుంది. దాన్ని మళ్లీ కరిగించాలంటే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ బాగా నిండి ఉండాలి. మనం వదిలే ఊపిరిలో ఆ వాయువు నూటికి నాలుగు వంతులే ఉంటుంది, మిగతాదంతా ఎక్కువగా నైట్రోజన్, మిగిలిన ఆక్సిజన్. అంత పల్చటి వాయువుతో ఎంతసేపు ఊదినా నీళ్లలోకి ఎక్కేది కొంతే, అది కరిగించగలిగేదీ కొంతే. తెలుపు మాత్రం దానికి కొన్ని రెట్లు ఉంది. పుస్తకం "అధికంగా పంపితే" అంటుంది, ల్యాబ్‌లో ఆ వాయువును పాలరాయి ముక్కల మీద యాసిడ్ పోసి తయారుచేస్తారు, దాదాపు స్వచ్ఛంగా వస్తుంది. ఊపిరి అలాంటిది కాదు. పుస్తకం ఈ తేడా చెప్పదు.

అలా అయితే తెలుపునే తగ్గించాలి. ఒక వంతు సున్నపుతేటకు పది వంతులు ఫిల్టర్ నీళ్లు కలిపాను. ఊదితే ఈసారి పాలలా కాదు, బియ్యం కడిగిన నీళ్లలా లేతగా తెల్లబడింది. ఆగుతూ ఆగుతూ ఊదాను. గ్లాసు వెనక పేపర్ పెట్టి అక్షరాలు కనిపిస్తున్నాయా లేదా అని చూస్తూ ఉన్నాను. మొదట మసకగా, తర్వాత పెద్ద అక్షరాలు, సుమారు ఇరవై నిమిషాలకు చిన్న అక్షరాలు కూడా చదవగలిగాను. ఆ తేటను చిన్న గిన్నెలో పోసి స్టవ్ మీద మరిగిస్తే మళ్లీ సన్నగా తెల్లబడింది. అంటే బైకార్బొనేట్ విడిపోయి కార్బొనేట్ తిరిగి వచ్చింది. వాటర్ హీటర్ రాడ్ మీద తెల్లగా గట్టిగా పేరుకునేది కూడా ఎక్కువగా ఇదే.

మర్నాడు ఇంకో దారి కూడా చూశాను. ప్లాస్టిక్ సీసాలో వంటసోడా, దానిమీద నిమ్మరసం, మూతకు రంధ్రం చేసి సెలైన్ గొట్టం ముక్క దూర్చి, గొట్టం రెండో కొస అలాగే నీళ్లు కలిపి పల్చన చేసిన సున్నపుతేటలో. పొంగే వాయువు దాదాపు కార్బన్ డయాక్సైడే కాబట్టి ఊదడం కన్నా చాలా త్వరగా తేటపడింది. కానీ మొదటిసారి సీసా నిండుగా పోయడం వల్ల నురుగు గొట్టంలోకి ఎక్కి గ్లాసులోకి వచ్చేసింది. నిమ్మరసం పడితే కార్బొనేట్ దానికదే కరుగుతుంది, అప్పుడు తేటపడినా అది వాయువు చేసిన పని కాదు. గ్లాసు వాసన చూస్తే నిమ్మ వాసన వచ్చింది, అలా తెలిసింది. రెండోసారి సీసాలో పావు వంతు కూడా మించకుండా పోశాను.

మంగళవారం మెయిల్‌లో ఇదంతా జరిగిన వరుసలోనే రాశాను, నాకు కూడా పోలేదని మొదటి లైన్‌లోనే చెప్పాను. జాగ్రత్తలు విడిగా పెట్టాను. స్ట్రాతో ఊదడమే, పొరపాటున కూడా పీల్చకూడదు, సున్నపుతేట నోట్లోకి వెళ్తే మంట పుడుతుంది. ముఖం గ్లాసుకు దూరంగా పెట్టు, కంట్లో పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడుగుతూనే ఉండు, పెద్దవాళ్లకు చెప్పు. నాన్న తెచ్చే రాతి సున్నం నువ్వు నీళ్లలో వెయ్యకు, అది బుసబుస పొంగి కాలుతుంది, నాన్న తడిపి చల్లార్చిన సున్నమే వాడు. సీసా గొట్టాన్ని ఎక్కడా నొక్కి మూయకు, లోపల గాలి నిండితే మూత ఎగిరి తగులుతుంది.

మామూలు మెయిల్‌లో చిన్న అంకె కిందికి దిగదు, అదొక ఇబ్బంది. 2H2O అని రాస్తే రెండు 2లూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని ముందు వచ్చే అంకె తర్వాత ఒక ఖాళీ వదులుతాను, 2 H2O అని. ముందుది ఎన్ని అణువులో చెప్తుంది, దాన్ని మార్చొచ్చు, లోపలిది ఆ పదార్థం ఏంటో చెప్తుంది, దాన్ని ముట్టుకోకూడదు అని మొదటి వారంలోనే రాసి పెట్టాను.

తర్వాతి శనివారం వచ్చిన మెయిల్‌లో మొదటి డౌట్ మళ్లీ సున్నపుతేటే. "మేడమ్, మీరు చెప్పినట్టు ఒక వంతు తేటకు పది వంతులు నీళ్లు పోశాను. ఊదకముందే తెల్లబడింది. నేను ఏం తప్పు చేశాను?"

ఫోటోలో నీళ్లు పోసిన చెంబు కూడా ఉంది, చెంబు లోపలి అంచు చుట్టూ తెల్లటి చార. "ఏ నీళ్లు పోశావు?" అని అడిగితే "బోరు నీళ్లు" అంది. తప్పు తనది కాదు, నాది. ఫిల్టర్ నీళ్లు వాడాను అని రాశాను కానీ బోరు నీళ్లు వద్దు అని రాయలేదు. పిడుగురాళ్ల చుట్టూ భూమిలో ఉన్నదే సున్నపురాయి, ఆ రాళ్ల మధ్య నుంచి వచ్చే నీళ్లలో కాల్షియం బైకార్బొనేట్ ముందే కరిగి ఉంటుంది. దానికి సున్నపుతేట తగలగానే:

Ca(HCO3)2 + Ca(OH)2 → 2 CaCO3 + 2 H2O

ఊదాల్సిన పనే లేదు, రెండు వైపుల కాల్షియమూ కలిసి తెల్లగా దిగిపోతుంది. ఆ వారం మెయిల్‌లో ఈ సమీకరణం రాసి, ఇంట్లో ఉన్న మూడు రకాల నీళ్లు, అంటే బోరు నీళ్లు, ఫిల్టర్ క్యాన్ నీళ్లు, వానకు పట్టిన నీళ్లు మూడు గ్లాసుల్లో సమానంగా తీసుకుని ఒక్కొక్కదాంట్లో రెండేసి చెంచాల సున్నపుతేట పోసి, దేంట్లో ఎంత తెలుపు వచ్చిందో వెనక పేపర్ పెట్టి చూసి రాయమన్నాను. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఫోటో వచ్చింది. కిటికీ గట్టు మీద మూడు గ్లాసులు, ఒక్కోదాని ముందు చీటీ. బోరు గ్లాసు వెనక అక్షరాలు కనిపించడం లేదు. మిగతా రెండూ తేటగా ఉన్నాయి, వాన నీళ్ల గ్లాసు వెనక పేపర్ మీద తేదీ కూడా చదవొచ్చు.